ఇయ్యకున్నా ఇది మీ మందిరమే

మా ప్రార్థన మందిరం ఇబ్రహీంపట్నంల, సాగర్ రోడ్డు నుంచి లోపలికి నాలుగు గల్లీలు దాటినంక ఉంటది. సిమెంటు రేకుల కప్పు. కట్టినోళ్లల్ల సగం మంది ఇప్పుడు లేరు. మొన్నటి వానాకాలం ఒక ఆదివారం వాక్య ప్రసంగం నడుస్తుండంగ, ముసలోళ్లు కూసునే కుర్చీల పక్కన గోడ మీది గచ్చు పెళ్ల ఊడి పడ్డది. ఎవరికీ దెబ్బ తగులలేదు. కాని పైకి చూస్తే రేకుల కింది కమ్మీలు తుప్పుపట్టి పొరలు పొరలుగ లేస్తున్నయి. మేస్త్రీని పిలిచి చూపిస్తే, వచ్చే వానలు ఈ కప్పు కింద గడుపొద్దని చెప్పి పోయిండు.

ఆ వారమే సంఘ పెద్దలం కూసున్నం. కప్పు మార్చాలె, గోడకు మళ్ల గచ్చు చెయ్యాలె, వీలైతే ఆడోళ్ల కోసం పక్కన ఒక బాత్రూం కట్టాలె. సంఘం దగ్గర ఉన్న పైసలు వీటిల ఒక్కదానికి కూడ సరిపోవు. సభ్యులను అడుగాలె. అడుగుతూ ఒక ఉత్తరం రాయాలె. నేను ప్రభుత్వ బడిల తెలుగు చెప్పే టీచర్ను కాబట్టి, ఆ ఉత్తరం నాకే పడ్డది.

సరే అన్న. ఇంటికొచ్చి కాగితం ముందట పెట్టుకున్న. "ప్రియమైన సంఘ సభ్యులకు వందనాలు" అని రాసినంక కలం కదలలేదు. మూడు దినాలు అట్లనే అయింది. రాయరాక కాదు. ఇంతకు ముందు ఒకసారి ఈ సంఘంల పైసలు అడిగినప్పుడు నేను చేసిన పని అడ్డమొచ్చింది.

కరోనాకు కొన్నేండ్ల ముందటి ముచ్చట. మందిరంల నేలకు బండలు వెయ్యాలనుకున్నం. అప్పుడు కోశాధికారిని నేనే. ఇంటికింత అని పెద్దలు ఖరారు చేసిన్రు. నేను ఒక నోటుబుక్కుల రెండు గీతలు కొట్టి, ఒక దిక్కు ఇచ్చినోళ్ల పేర్లు, ఇంకొక దిక్కు ఇయ్యాల్సినోళ్ల పేర్లు రాసిన. ఆరాధన అయినంక ప్రకటనలల్ల ఆ రెండు పట్టీలు నిలబడి చదివేదాన్ని. బడిల హాజరు తీసుకున్నట్టే చదివిన. అందులో తప్పున్నదని ఒక్కసారి కూడ అనిపించలేదు. నా పని నేను పద్ధతిగ చేస్తున్న అనుకున్న.

ఇయ్యాల్సినోళ్ల పట్టీల ఒక అక్క పేరుండె. నాకంటే పదిహేనేండ్లు పెద్దది. భర్త చనిపోయినంక బిల్డింగు పనికి పోయేది. నాదర్‌గుల్ దిక్కు కొత్త కాలనీలల్ల ఆమె మోసిన తట్టలకు లెక్కలేదు. ఆదివారం మాత్రం అందరికంటే ముందు మందిరానికొచ్చి, ఊడ్చి, చాపలు పరిచి, వెనక గోడకు ఆనుకొని కూసునేది. ఎవ్వరూ చెప్పకముందే చేసేది, అందరికంటే ఎనక పోయేది.

నేను ఆమె పేరు చదివినప్పుడు ఆమె కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. అది నేను చూసిన. చూసి కింది పేరు చదివిన.

రెండు వారాలైనంక ఆరాధన అయిపోయి అందరు పోతుంటే ఆమె నా దగ్గరికొచ్చింది. కొంగుముడి విప్పి నోట్లు నా చేతుల పెట్టింది. కానుక సంచిల వెయ్యలేదు, నా చేతుల్నే పెట్టింది.

"మొత్తమున్నది టీచరమ్మా. ఇగ చదువకు," అన్నది.

నేను ఆ నోటుబుక్కుల ఆమె పేరు ఈ దిక్కు నుంచి ఆ దిక్కు మార్చిన. సంతోషపడ్డ కూడ. ఆమె మరి కొన్ని వారాలొచ్చింది. తర్వాత ఒక వారం వచ్చి ఒక వారం రాలేదు. తర్వాత అసలే రాలేదు. చాపలు వేరేవాళ్లు పరుస్తున్నరు. బిడ్డ దగ్గరికి పోయిందేమో అనుకున్న. ఒకసారి బస్సు డిపో కాడ కనబడితే, "ఏమక్కా, వస్తలేవు" అన్న. "పనులు" అన్నది. నా బస్సొచ్చింది, ఎక్కిన. అంతే.

ఈ ఉత్తరం రాయాలని కూసున్నప్పుడు, ఆ కొంగు గుంజుకున్నది మళ్ల కండ్ల ముందటికొచ్చింది.

తర్వాతి వారం పెద్దలం మళ్ల కూసున్నం. మొత్తం ఐదుగురం. అందరికంటే పెద్దాయన ఆర్టీసీల కండక్టరు చేసి రిటైరైండు. ఈ మందిరం పునాది తవ్వినప్పుడు గడ్డపార పట్టిన మనిషి. ఆయనే మొదలు మాట్లాడిండు.

"ఇంటికింత అని పెట్టాలె. పెట్టకపోతే ఎవ్వరియ్యరు. నా అనుభవంతోని చెప్తున్న. పోయినసారి పేర్లు చదివినం గాబట్టే బండలు పడ్డయి."

ఇంకొకాయన ఒక కబురు తెచ్చిండు. మా సంఘంల పుట్టి పెరిగి ఇప్పుడు ప్లాట్ల వెంచర్లు వేస్తున్న ఒకతను, కప్పు ఖర్చు దాదాపు మొత్తం తానే పెట్టుకుంటనన్నడట. ముందు గోడకు నల్లరాతి పలక పెట్టి తన తండ్రి పేరు, ఇచ్చినోళ్లందరి పేర్లు ఎవరెంతిచ్చిన్రో రాయించాలన్నడట.

మా పాస్టరు చిన్న వయసాయన, వచ్చి రెండేండ్లే అయింది. అందరి మాటలు విని నా దిక్కు తిరిగి, "మీరేమంటరమ్మా, ఉత్తరం ఎంతవరకొచ్చింది?" అన్నడు.

రాయలేకపోయిన అని చెప్పిన. ఎందుకు రాయలేకపోయిన్నో కూడ చెప్పిన. పట్టీ, చదువుడు, ఆ అక్క కొంగు, డిపో కాడి బస్సు, అన్నీ.

కండక్టరన్న నేల దిక్కు చూసుకుంట అన్నడు: "చదివింది నువ్వే గాని, చదువుమన్నది మేమే. గా పాపం నువ్వొక్కదానివే మోయకు."

"మరి ఈసారి ఇంటికింత వద్దన్నా," అన్న.

"వద్దంటే కప్పెట్ల లేస్తది? వాన ఆగుతదా?" అన్నడు. కోపంతోని కాదు, భయంతోని. తన చేతులతోని కట్టింది కండ్ల ముందట కూలుతదేమో అన్న భయం అది.

పాస్టరు అన్నడు: "ముందు ఆ అక్కను చూసి రాండ్రి. ఉత్తరం సంగతి తర్వాత చూద్దాం."

అడుగుకుంట అడుగుకుంట పోతే ఆమె ఇల్లు దొరికింది. చెరువు దిక్కు పోయే తొవ్వల, రెండు అర్రల ఇల్లు. ముందటి అర్రల ఆమె బిడ్డ కుట్టు మిషను పెట్టుకొని జాకెట్లు కుడుతున్నది. నన్ను చూసి లేవలేదు. మిషను తొక్కుడు ఆపింది.

"అమ్మ లోపలున్నది. గుండె వాసిందన్నరు. పట్నంల పెద్ద దవాఖానకు తిప్పుతున్న. ఎక్కువ మాట్లాడనియ్యకు," అన్నది.

నేను తలుపు దాటబోతుంటే మళ్ల అన్నది: "నువ్వే గద పేర్లు చదివింది?"

"అవ్."

"రెండు మేకలుండె మాకు. నాకు మిషను కొనాలని పెంచింది. అవి అమ్మి తెచ్చిచ్చింది మీకు. ఈ మిషను ఇంకో నాలుగేండ్లు ఆగి నేను ఫైనాన్సుల తీసుకున్న." ఆమె గొంతు లేవలేదు. జాకెట్టు మళ్ల సూది కిందికి జరుపుకున్నది.

లోపల అక్క మంచంల దిండ్లు ఆనించుకొని కూసున్నది. పండుకుంటే ఊపిరాడదట. కాళ్లు నీరుపట్టి మెరుస్తున్నయి. తట్టలు మోసిన ఆ మెడ అంత సన్నగైతదని నేననుకోలేదు. నన్ను గుర్తుపట్టి నవ్వింది.

"టీచరమ్మా. కూసో."

కూసోలేదు. ఆమె మంచం పక్కన నేల మీద మోకాళ్ల మీద కూలబడ్డ. "అక్కా, నన్ను క్షమించు. ఆ దినం నేను నీ పేరు చదివిన. నువ్వు ముఖం దాచుకున్నది చూసి కూడ ఆగలేదు," అన్న.

ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఒక్కొక్క మాటకు ఆగుకుంట అన్నది: "నాకు కోపం లేదు. అప్పుడు కూడ లేకుండె. సిగ్గయింది, అంతే. నా దగ్గర లేదన్న సంగతి దేవునికి ఎరుకే. దానికి నాకేం ఫికరు లేకుండె. మీ అందరికి ఎరుకైంది సూడు, గదే. ఆడ కూసుంటే అందరు నా దిక్కే చూస్తున్నట్టు ఉంటుండె. కండ్లు మూస్తే కూడ ప్రార్థన రాకపోయేది."

"మేకలమ్మినవని నాకు తెల్వదక్కా."

"తెలిస్తే తీసుకుంటుంటివా?"

అప్పటి నేనైతే తీసుకునేదాన్నే అని నాకెరుక.

వారమైనంక ఉత్తరం రాసుకొని మళ్ల పోయిన. ఈసారి చదివి వినిపించాలనుకున్న. బాగ రాసిన అని నాకు కొంచెం గర్వం కూడ ఉండె. కప్పు ఎట్లున్నది, మేస్త్రీ ఏమన్నడు, ఏమేం చెయ్యాలె, అన్నీ తేటగ రాసి, చివరికి "మీ మీ శక్తి కొలది సాయం చెయ్యవలసిందిగా కోరుతున్నం" అని ముగించిన. ఆమె కండ్లు మూసుకొని విన్నది.

"శక్తి కొలది అంటే ఏంది?" అన్నది.

"ఎవరికి ఎంత చేతనైతే అంత."

"గదీ కొలుసుడే గద టీచరమ్మా. నా శక్తెంతో ఎవరు కొలవాలె? నేను పదిస్తే, ఇంకో పదియ్యొచ్చు గద అని నాకే అనిపిస్తది. ఇయ్యకపోతే శక్తున్నా ఇయ్యలే అని మీకనిపిస్తది."

ముప్పయేండ్లు తెలుగు చెప్పిన. ఆ రెండు మాటల కింద అంత బరువున్నదని ఏ పిల్లకూ చెప్పలేదు.

"మరేం రాయమంటవక్కా?"

ఆమె చానసేపు ఊపిరి తీసుకున్నది. "ఇయ్యలేనోళ్ల గురించి రాయి. ఇచ్చేటోళ్లకు రాయకున్నా ఇస్తరు. ఇయ్యకున్నా ఇది మీ మందిరమే అని రాయి. రాకుంట ఆగిపోవద్దని రాయి."

అక్కడే, ఆమె మంచం పట్టె మీద కాగితం పెట్టుకొని మార్చిన. చివరికి ఉత్తరం ఇట్లయింది:

"సంఘ కుటుంబాలకు వందనాలు. మన మందిరం కప్పు పాడైంది. వచ్చే వానలల్ల దాని కింద కూసునుడు మంచిది కాదని మేస్త్రీ చెప్పిండు. ముందు కప్పు మార్చాలె, తర్వాత గోడలు, ఆ తర్వాత బాత్రూం. అయ్యే ఖర్చు కాగితం తలుపు పక్కన పెట్టినం, ఎవరైనా చూడొచ్చు, ప్రశ్నలడుగొచ్చు. ఎంత కూడితే అంత పనే చేస్తం, అప్పు చెయ్యం.

"అందరికి ఒక్కతీరు కవరు ఇస్తున్నం. దాని మీద పేరు రాయొద్దు. ఇయ్యాలని మనసైనోళ్లు అందులో పెట్టి కానుక సంచిల వెయ్యండ్రి. ఇప్పుడు వీలు కానోళ్లు ఖాళీ కవరే వెయ్యండ్రి. ఎవరింటికీ వచ్చి అడుగం. ఎవరి పేరూ చదువం, ఎక్కడా రాయించం. రసీదు కావాలన్నోళ్లకు విడిగ ఇస్తం. అప్పు చేసిగాని, ఇంట్లకు అవసరమైంది అమ్మిగాని ఇయ్యొద్దని మా మనవి.

"ఇయ్యకున్నా ఇది మీ మందిరమే. మీరు రాకపోతేనే మాకు లోటు."

పెద్దల ముందట చదివిన. కండక్టరన్న రెండుసార్లు చదివించుకున్నడు. "ఖాళీ కవర్లే వస్తయి సూడు," అన్నడు. కొంచెం ఆగి, "రానియ్యి," అన్నడు. వెంచర్లతనికి పాస్టరు పోయి చెప్పిండు, మీకు కూడ అందరికిచ్చిన కవరే ఇస్తమని. అతను ఇచ్చిండో లేదో, ఇస్తే ఎంతో ఈ దినానికి నాకు తెల్వదు. తెలుసుకోవాలని కూడ లేదు.

ఆ ఆదివారం పాస్టరు ఉత్తరాన్ని ఒక్కసారే చదివిండు. తర్వాతి వారాలల్ల మళ్ల ఎత్తలేదు. చదివేటప్పుడు నేను తల వంచుకొని కూసున్న. కవర్లన్నీ తిరిగొచ్చినయి. తెరిచేటప్పుడు ముగ్గురం ఉన్నం. ఖాళీవి చాననే ఉన్నయి. నేను ఒక్కొక్కటి మడత సరిచేసి పక్కకు పెట్టిన. పోయినసారైతే అవి వేసిన చేతులెవరివో వెతికేదాన్ని.

మేమనుకున్నంత కాలేదు. కప్పుకు మాత్రమే సరిపోయింది. గోడలు, బాత్రూం ఆగినయి. కండక్టరన్న నన్ను ఏమీ అనలేదు గాని, మేస్త్రీతోని మాట్లాడేటప్పుడు ఆయన ముఖంల నిరాశ కనబడ్డది. నాకూ బాధైంది. మంచిగ అడిగితే ఎక్కువొస్తదని లోపల ఎక్కడో ఆశపడ్డ కావొచ్చు. అట్లేం జరుగలేదు. కాకపోతే ఎప్పుడో ఆగిపోయిన రెండు కుటుంబాలు మళ్ల వచ్చి వెనక కూసున్నయి. ఎందుకొచ్చిన్రని ఎవ్వరం అడుగలేదు.

అక్కకు ఈ ముచ్చట్లన్నీ పోయి చెప్పేదాన్ని. వారం వారం పోతుంటి. ఖాళీ కవర్ల ముచ్చట చెప్తే ఆమె కండ్లల్ల నీళ్లొచ్చినయి. "మంచిగైంది," అన్నది.

ఒక దినం ఆమెనే అడిగింది: "ఒక్కసారి మందిరానికి రావాలనున్నది. చాపల మీద కూసోరాదు. కుర్చీ ఉంటదా?"

"ఉంటది. ఆటో మాట్లాడుత. ఈ ఆదివారమే తీసుకపోత," అన్న.

అప్పటికే కప్పు దింపుడు మొదలైంది. పాత రేకులు తీస్తున్నరు, లోపలంత దుమ్ము. ఆమె ఊపిరికి ఆ దుమ్ము పడదని బిడ్డ భయపడ్డది. నాక్కూడ, తీసుకపోతే కొత్త కప్పు కిందికే తీసుకపోవాలనిపించింది. అందరు లేచి నిలబడి ఆమెను లోపలికి తోల్కపోతరని, ముందు వరుసల కూసోబెడతరని మనసుల బొమ్మ గీసుకున్న. "కొత్త రేకులు ఎక్కినంక పోదమక్కా, పదిహేను దినాలే," అన్న.

"నీ ఇష్టం," అన్నది.

రేకులు వచ్చుడు ఆలస్యమైంది. పదిహేను దినాలు నెలైంది. ఒక గురువారం పొద్దుగాల, నేను బడికి తయారైతుంటే ఆమె బిడ్డ ఫోను చేసింది. "అమ్మ పోయింది," అన్నది.

భూస్థాపన కూడిక మందిరంలనే పెట్టినం. పైన కప్పు లేదు. నాలుగు గోడలు, మీద ఇనుప పైపులు, వాటి సందుల నుంచి ఎండ. నీడకు షామియానా కట్టిన్రు గాని అది సగం వరకే వచ్చింది. ఆమె పెట్టెను కండక్టరన్న, ఇంకో ముగ్గురు మోసుకొచ్చిన్రు. ఆయనకు డెబ్బై దాటినయి, మోకాళ్లు బాగలేవు, ఎవ్వరెంత చెప్పినా భుజం మార్చలేదు. పెట్టెను మధ్యల దించిన్రు. వెనక గోడ దిక్కు కాకుండ ముందటనే పెట్టుమని నేను చెప్పిన. ఏం లాభం.

పాస్టరు మాట్లాడమన్నడు. నిలబడ్డ. ఈ సంఘం ముందట ఆమె పేరు నేను ఒకప్పుడు చదివిన తీరు చెప్పి, అందరి ముందట ఆమెకు, ఆమె బిడ్డకు క్షమాపణ అడిగిన. ఉత్తరంల చివరి మాట ఆమెదే అని చెప్పిన. అప్పటివరకు అది ఎవ్వరికీ తెల్వదు. కొంతమంది ఏడ్చిన్రు. ఆమె బిడ్డ ఏడువలేదు. తల్లి ముఖం మీద పడుతున్న ఎండకు కొంగు అడ్డంపెట్టి నిలబడ్డది.

మన్ను వేసి తిరిగొస్తుంటే బిడ్డ నా పక్కకొచ్చింది. నడుస్తనే అన్నది: "ఆ ఆదివారం దుమ్ముంటే ఉండె. ఆటోల తీసుకపోయి తలుపు కాడ ఆపినా సరిపోతుండె. నేను కూడ వద్దన్న. నిన్నొక్కదాన్నే అంటలేను."

"నాదే తప్పు," అన్న.

"తప్పో ఏందో. మనుషులను చూడాలనుండె ఆమెకు. కప్పు చూడాలని కాదు."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. మొదటిసారి బండల కోసం ఆమెను బాధపెట్టిన. రెండోసారి ప్రేమతోనే అయినా, కప్పు కోసమే ఆమెను ఆపిన. రెండుసార్లు కట్టడమే మనిషికంటే ముందటికొచ్చింది.

ఆమె పోయిన పన్నెండో దినానికి రేకులెక్కినయి. గోడలు ఇంకా గచ్చు లేకుండనే ఉన్నయి. వీలైనప్పుడు చేస్తం. మళ్ల ఉత్తరం రాయాల్సొస్తే ఆ పాత ఉత్తరాన్నే కొద్దిగ మార్చి చదువుదామని పెద్దలు అనుకున్నరు. కండక్టరన్ననే ఆ మాట ఎత్తిండు.

ఆమె బిడ్డ మందిరానికి రాదు. నేను రమ్మని అడుగలేదు. నెలకోసారి జాకెట్టు గుడ్డ పట్టుకొని ఆమె ఇంటికి పోత. టేపు పెట్టి కొలత తీసుకుంటది, చాయ్ పెడతది. బట్టల ధరల గురించి, నీళ్ల ట్యాంకరు గురించి మాట్లాడుకుంటం. లోపలి అర్రల మంచం ఎత్తేసి గుడ్డల మూటలు పెట్టుకున్నది. పోయినసారి నేను లేస్తుంటే, "వచ్చే వారం రా, జాకెట్టు చేతులు సరిగ్గ కుదురలే, మళ్ల కుడుత," అన్నది. వస్తనన్న.